పదకొండుమంది సలహాదారులు, ఒక లాండ్రీ

ఆ హోటల్లో దుప్పట్ల లెక్క ఎవరికి తెలుసని అడిగితే, వంటవాడి దగ్గర్నుంచి జనరల్ మేనేజర్ దాకా అందరూ వేలు నేలమాళిగ వైపు చూపించేవారు. అక్కడ, బాయిలర్ గది పక్కన, సగం తలుపు ఉన్న ఒక గదిలో, చెక్క అరల మధ్య, పద్దెనిమిదేళ్ళుగా లినెన్ మేడమ్ కొలువై ఉండేది. ఆ సగం తలుపు మీద మోచేతులు ఆనించి ఆవిడ ఒక్కసారి చూసిందంటే, మూడో అంతస్తులో గదులు సర్దే కుర్రమూకకి తువ్వాలు ఎక్కడ పారేశారో వెంటనే గుర్తొచ్చేది. చెల్లించిన పన్నుల గురించి ప్రభుత్వానికి ఎంత తెలుసో, పోయిన తువ్వాళ్ళ గురించి ఆవిడకి అంతకన్నా బాగా తెలుసు.

ఆవిడకి అర్థం కాని విషయం ఒకటే ఉండేది. పైనుంచి వంద మురికి దుప్పట్లు మూటల్లో దిగుతాయి. లాండ్రీ బండి వచ్చి మూటలు తీసుకెళుతుంది. మర్నాడు ఇస్త్రీ అయి తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో వస్తాయి. మురికి మూట ముడి విప్పి ఒక్కొక్కటీ లెక్కపెట్టే సాహసం ఇటువాళ్ళూ చేయరు, అటువాళ్ళూ చేయరు. హోటలు చీటీ మీద ఒక అంకె రాస్తుంది, లాండ్రీ డ్రైవరు కళ్ళు మూసుకుని సంతకం చేస్తాడు. నెలాఖరుకి ముప్పయ్యో నలభయ్యో దుప్పట్లు గాలిలో కలిసిపోయి ఉంటాయి. అప్పుడు లినెన్ మేడమ్ రిజిస్టరు తీసి, 'లాండ్రీలో తగ్గినవి' అనే గడిలో, ముత్యాల్లాంటి అంకెలతో, ఆ సంఖ్య వేసేది. వేశాక ఆ రోజు కాఫీ కొంచెం ఎక్కువ రుచిగా ఉండేది.

ఈ ప్రశాంత జీవితాన్ని పాడుచేసింది ఆడపడుచు. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ మనిషి. ఒక బట్టల షాపుల కంపెనీలో పనిచేసి, అక్కడి పైఅధికారితో పడక మానేసి, అన్నగారింట్లో భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. ఒక ఆదివారం మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటూ అంది:

"వదినా, షాపులో చొక్కాకి చిప్పు పెడతాం. తలుపు దాటితే తెలిసిపోతుంది. మీ దుప్పటేం పాపం చేసింది?"

"దుప్పటిని ఉడకబెడతారే తల్లీ. చొక్కాని ఎవరైనా షాపులో ఉడకబెడతారా?"

"ఉడకబెట్టినా చావని చిప్పులున్నాయి. వేలెడంత పట్టీ. అంచులో పెట్టి కుట్టేస్తే రెండు వందల ఉతుకులు తట్టుకుంటుంది. మూట విప్పక్కర్లేదు. మూట మూటగా రీడర్ ముందు నుంచి పోనిస్తే లోపల ఎన్నున్నాయో, ఏవేవో చెప్పేస్తుంది."

మూట విప్పక్కర్లేదు అన్న మాట దగ్గర లినెన్ మేడమ్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మురికి మూటల వాసన పీల్చిన పద్దెనిమిదేళ్ళ ముక్కు అనుభవం ఆవిడ చేత కంపెనీ పెట్టించింది.

హోటల్ హౌస్‌కీపింగ్ మేనేజరు మంచివాడే. ఆరు నెలలు జీతం లేని సెలవిచ్చాడు. "మీ కంపెనీ నిలబడితే సంతోషం. నిలబడకపోతే తాళంచెవుల గుత్తి ఇక్కడే ఉంటుంది. ఆరు నెలల మీద ఒక్క రోజు కూడా ఆగలేనండి, పైవాళ్ళు ఒప్పుకోరు," అన్నాడు. ఆవిడ తన కింద పనిచేసే అమ్మాయికి గది అప్పగించి, ఏ అర ఏమిటో మూడు రోజులు పాఠం చెప్పి, బయటికొచ్చింది.

కొత్త కంపెనీలకి చోటిచ్చే ఇంక్యుబేటర్ ఒకప్పుడు కుర్చీల ఫ్యాక్టరీ. ఇప్పుడక్కడ కుర్చీలు తయారవడం మానేసి, కూర్చునేవాళ్ళు తయారవుతున్నారు. రెండో అంతస్తులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఒక ప్లగ్గు ఇచ్చారు. అక్కడి కోఆర్డినేటరు మెడలో పట్టీతో, చేతిలో టాబ్లెట్‌తో తిరిగే చురుకైన మనిషి. మొదటిరోజే నియమం చెప్పింది:

"ఆరో నెల చివర డెమో డే, చేసింది అందరి ముందూ చూపించే రోజు. ఆ రోజుకి డబ్బిచ్చి కొన్న కస్టమరు ఒక్కరైనా ఉండాలి. బంధువులు, భాగస్తులు, మీ కంపెనీలో వాటా ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు. ఉంటే ఇంకో ఏడాది బల్ల మీది. లేకపోతే ఇంకొకరిది."

"ఒక్కరేనా?" అని లినెన్ మేడమ్ ధీమాగా అంది. ఆరు నెలల్లో ఒక్క మనిషి దొరకడా అని ఆవిడ ఉద్దేశం. ప్రపంచం మీద ఆవిడకి అప్పటికి నమ్మకం ఉండేది.

పక్షానికోసారి గురువారం సాయంత్రం పిచ్ ఈవెనింగ్. కింది హాల్లో మడత కుర్చీలు వేస్తారు. ఒక్కో కంపెనీకి మూడు నిమిషాలు, ఆపైన ప్రశ్నలకి రెండు. మూడో నిమిషం నిండగానే గంట మోగుతుంది. వేదిక ఎక్కినవాళ్ళు వరుసగా సమస్య ఏమిటి, పరిష్కారం ఏమిటి, మార్కెట్ ఎంత, ఇప్పటిదాకా ఏం సాధించారు, చివరికి మా నుంచి ఏం కావాలి అన్నవి చెప్పి దిగాలి. బస్ డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసే భర్త ఇంట్లో సాధన చేయించాడు. ఆయన ముందు మూడు నిమిషాల మీద నాలుగు సెకన్లు ఆలస్యమైతే, ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా అడిగేవాడు.

ఆడపడుచు స్లైడ్లు చేసింది. రెండో స్లైడు ఆ పిల్ల కళాఖండం. అందులో ఒక వాషింగ్ మెషీను, దానికి కోరలు, కోరల మధ్య సగం మింగిన దుప్పటి. కింద పెద్ద అక్షరాలతో: 'లాండ్రీ తినేస్తోంది.' ఆ బొమ్మ రాగానే హాలు హాలంతా నవ్వింది. ముందు వరుసలో చేనేత చీర కట్టుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం నవ్వలేదు. నవ్వురాని మనుషులు కొందరుంటారని లినెన్ మేడమ్ సరిపెట్టుకుంది.

చివరి స్లైడు దగ్గర చిక్కొచ్చింది. మా నుంచి ఏం కావాలి?

పద్దెనిమిదేళ్ళు ఎదుటివాళ్ళకేం కావాలో అడిగి ఇచ్చిన మనిషి ఆవిడ. తనకేం కావాలో నోరు తెరిచి చెప్పడం ఆ నోటికి అలవాటు లేదు. కొనండి అనడం మరీ మొహం మీద అడిగినట్టుంటుంది. అందుకని మర్యాదగా చేతులు జోడించి, "పెద్దలు మీ సలహాలు, సహకారం కావాలండి," అంది.

పెద్దలు కరిగిపోయారు. సలహా అడిగితే కాదనే పెద్దమనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. టీ బల్ల దగ్గరికి చేరేలోపే ఇద్దరు విజిటింగ్ కార్డులిచ్చారు. పై గురువారానికి ముగ్గురు. ఇంక్యుబేటరులో సలహాదారులకి ఇచ్చే పద్ధతొకటుంది. కంపెనీలో పావు శాతం వాటా, రెండేళ్ళలో నెలనెలా కొంచెం చొప్పున వాళ్ళ పేరు మీదికి వెళుతుంది. దానికో రెండు పేజీల అచ్చు ఒప్పందం ఉంది. లినెన్ మేడమ్ సంచిలో ఎప్పుడూ పది కాపీలు సిద్ధంగా ఉండేవి, పెళ్ళిలో పసుపు కుంకాలంత సిద్ధంగా.

మూడు నెలలు తిరిగేసరికి పదకొండుమంది చేరారు. స్లైడు మీద పదకొండు గుండ్రటి ఫొటోలు, రెండు వరుసల్లో. విశ్రాంత బ్యాంకు అధికారి ఆసుపత్రుల్లోకి వెళ్ళమన్నాడు. ప్రకటనల కంపెనీ ఆయన కంపెనీ పేరు మార్చమన్నాడు. ఒక ప్రొఫెసరు ముందు ఉచితంగా ఇచ్చెయ్యమన్నాడు. పక్కనే నిలబడ్డ ఇంకొకాయన రేటు రెట్టింపు చేస్తేనే జనం గౌరవిస్తారన్నాడు. కృత్రిమ మేధ పెట్టమని నలుగురు చెప్పారు. దుప్పటి మీద దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు.

"వదినా," అంది ఆడపడుచు ఒకరోజు, కాలిక్యులేటరు పక్కన పెట్టి. "ఇలాగే పోతే ఇంకో తొమ్మిదేళ్ళకి కంపెనీ అంతా సలహాదారులదవుతుంది. మనిద్దరం వాళ్ళకి సలహాలివ్వొచ్చు."

"పెద్దవాళ్ళు ఇష్టంగా వస్తుంటే కాదంటామా?"

"ఇష్టంగా వస్తున్నారు సరే. వీళ్ళలో ఒక్కరింట్లోనైనా దుప్పట్లు పోయాయా?"

నవ్వని పెద్దావిడ కూడా వస్తూనే ఉంది. మూడు పిచ్ ఈవెనింగులు, ముందు వరుస, అదే సంచి. మూడోసారి టీ బల్ల దగ్గర లినెన్ మేడమ్ పలకరిస్తే, తనకి లాండ్రీ ఉందని, ఈవిడ హోటలుతో సహా ఇరవై హోటళ్ళ బట్టలు ఉతుకుతామని చెప్పింది. వినగానే లినెన్ మేడమ్ మొహం వికసించింది. ఇంతమంది సలహాదారుల్లో లాండ్రీ తెలిసినవాళ్ళే లేరు. వెంటనే సంచిలోంచి అచ్చు ఒప్పందం తీసి రెండు చేతులతో అందించింది.

"మీలాంటివాళ్ళు మాకు సలహాదారుగా ఉంటే అదృష్టం అండి."

పెద్దావిడ ఆ కాగితం కేసి, ఆ మనిషి కేసి కాసేపు చూసింది. "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటాను," అని మడిచి సంచిలో పెట్టుకుంది. ఆడపడుచు పన్నెండో గుండ్రం కోసం స్లైడులో చోటు చేసింది.

ఇంకా ఆరు వారాలుందనగా కోఆర్డినేటరు పిలిచి కూర్చోబెట్టింది. టాబ్లెట్ మీద వేలితో జరుపుతూ అంది:

"సలహాదారులు పదకొండు. అభినందనలు. ఈ భవనంలోనే రికార్డు. కస్టమర్లు?"

"చాలామంది బాగుందన్నారండి."

"బాగుందన్నవాళ్ళ గురించి కాదు, కొన్నవాళ్ళ గురించి అడుగుతున్నాను."

"నలుగురు హోటళ్ళవాళ్ళు చూస్తామన్నారు."

"ఎప్పటి నుంచి చూస్తున్నారు?"

లినెన్ మేడమ్ లెక్కల మనిషి కాబట్టి అబద్ధం చెప్పలేదు. "మూడో నెల నుంచి."

"వాళ్ళని కొనమని అడిగారా?"

లినెన్ మేడమ్ సంచిలోని ఒప్పందాల కాపీలు సర్దుకుంది. కోఆర్డినేటరు టాబ్లెట్ బోర్లించింది. ఆవిడ నిజంగానే దిగులుపడినట్టుంది. "మేడమ్, మీరు సలహా అడుగుతున్నారు, వాళ్ళు ఇస్తున్నారు. అందులో వాళ్ళ తప్పేం లేదు. లాండ్రీ ఆవిడ ప్రతిసారీ వస్తోంది కదా, ఆవిడ దగ్గరికి ఒక్కసారైనా వెళ్ళారా?"

"ఆవిడ మా సలహాదారు అవబోతున్నారండి."

"అయితే ఆవిడ కొన్నా లెక్కలోకి రాదు. వాటా తీసుకున్నవాళ్ళు కస్టమర్లు కారని మొదటిరోజే చెప్పాను."

మర్నాడు పొద్దున్నే వదిన, ఆడపడుచు లాండ్రీకి బయల్దేరారు. ఊరి చివర పెద్ద రేకుల షెడ్డు. లోపల మనిషెత్తు యంత్రాలు, ఆవిరి, సబ్బు వాసన, మాట వినబడాలంటే అరవాలి. రెండు పొడుగు రోలర్ల మధ్య నుంచి దుప్పట్లు తడిగా వెళ్ళి పొడిగా వస్తున్నాయి. పద్దెనిమిదేళ్ళు ఈ స్థలాన్ని రిజిస్టరులో తిడుతూ వచ్చిన లినెన్ మేడమ్, ఇక్కడికి అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. లోపల కోరలున్న యంత్రం ఒక్కటీ కనబడలేదు.

లాండ్రీ ఆవిడ గాజు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. చప్పుడు తగ్గింది.

"ఏం పనిమీద వచ్చారమ్మా?"

"మీ సలహా..." అని మొదలుపెట్టి లినెన్ మేడమ్ ఆగింది. ఆడపడుచు బల్ల కింద కాలు తొక్కింది. "మీరు మా చిప్పులు కొంటారేమోనని."

"అమ్మయ్య," అంది లాండ్రీ ఆవిడ. "మూడు గురువారాలు పని మానుకుని వచ్చి కూర్చున్నాను, ఈ మాట ఎప్పుడంటారా అని. మీరేమో సలహా కావాలంటారు. సలహా అయితే నా దగ్గర ఒకటే ఉంది, చెప్పమంటారా?"

"చెప్పండి."

"ఆ రెండో బొమ్మ తీసేయండి."

ఆడపడుచు కిటికీలోంచి రోలర్ల వైపు తదేకంగా చూడసాగింది.

"నేను తినేస్తున్నానని నన్నే ముందు కూర్చోబెట్టి చెప్పారు. అందరూ నవ్వారు. మంచిది. ఇరవై హోటళ్ళవాళ్ళు నెలనెలా ఆ మాటే అంటారు. మా దగ్గర పోవట్లేదని నా నమ్మకం. చూపించడానికి నా దగ్గర ఏముంది? డ్రైవరు కళ్ళు మూసుకుని పెట్టిన సంతకం. మీ చిప్పు నిజం చెబుతుందా?"

"ఎవరి దగ్గర పోతే వాళ్ళ దగ్గరేనని చెబుతుంది," అంది ఆడపడుచు. "పొడి మూటలే చదువుతుంది కానీ. తడివి నీళ్ళు అడ్డంవల్ల సరిగ్గా చదవదు. అందుకే మీ దగ్గరికొచ్చేటప్పుడు ఒకసారి, ఇస్త్రీ అయి వెళ్ళేటప్పుడు ఒకసారి."

"అయితే నెల రోజులు పెట్టండి. ఒక హోటలు బట్టలకి. డబ్బిస్తాను. ఉచితం వద్దు, ఉచితంగా వచ్చినదాని మాట ఏ హోటలూ నమ్మదు. ఏ హోటలో తెలుసుగా? మీ హోటలే. అందరికన్నా ఎక్కువ తిట్లు అక్కడి నుంచే వస్తాయి. రిజిస్టరు రాసేదెవరో కానీ, చెయ్యి ముత్యాలు."

లినెన్ మేడమ్ మంచినీళ్ళు అడిగింది.

నీళ్ళు తాగాక అసలు భయం బయటపెట్టింది. "మీరు సలహాదారు ఒప్పందం మీద సంతకం చేసేసి ఉంటే, ఇప్పుడు మీరు కొన్నా..."

లాండ్రీ ఆవిడ సంచిలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. సంతకం చోటు ఖాళీగా ఉంది. "నలభై ఏళ్ళ వ్యాపారం. చదవకుండా సంతకం చేసే అలవాటు మా డ్రైవరుకే ఉంది, నాకు లేదు. పావు శాతం మీరే ఉంచుకోండి. నాకు దుప్పట్లు చాలు."

హౌస్‌కీపింగ్ మేనేజరు అనుమతి ఇంత సులువుగా దొరుకుతుందని ఎవరూ అనుకోలేదు. విషయం వినగానే ఆయన చేతులు రుద్దుకున్నాడు. "లాండ్రీవాళ్ళ బండారం వాళ్ళ డబ్బుతోనే బయటపడుతుందంటే అంతకన్నా ఏం కావాలి? కుట్టండి, కుట్టండి. డెమో డేకి నేనే స్వయంగా వస్తాను."

ఆరువందల దుప్పట్ల అంచుల్లో వేలెడేసి పట్టీలు కుట్టారు. లినెన్ గది తలుపు దగ్గర ఒక రీడరు, లాండ్రీ లోపలికెళ్ళే దారిలో ఒకటి, బయటికొచ్చే దారిలో ఒకటి. నెల తిరిగింది. పంతొమ్మిది దుప్పట్లు పోయాయి.

ఆ పంతొమ్మిదిలో లాండ్రీలో ఉండిపోయింది ఒక్కటి. అది డ్రయ్యరు వెనక సందులో ఇరుక్కుని దొరికింది. లాండ్రీ ఆవిడ దాన్ని స్వయంగా దులిపి, స్వయంగా క్షమాపణ చెప్పింది. మిగతా పద్దెనిమిదీ హోటలు గడపే దాటలేదు.

లినెన్ మేడమ్ చేత్తో పట్టుకునే రీడరు తీసుకుని హోటలంతా తిరిగింది. నాలుగో అంతస్తులో గోడలకి రంగులేస్తున్నవాళ్ళ నిచ్చెన కింద నేల మీద పరిచినదాని దగ్గర బీప్ మంది. ఉద్యోగుల విశ్రాంతి గది కిటికీకి పరదా కట్టి ఉంది. పరదా బీప్ మంది. ఇస్త్రీ బల్ల మీద మెత్తగా ఉండటానికి చుట్టినవి రెండు. తుడుపు గుడ్డల బుట్టల్లో ముక్కలుగా పన్నెండు. మిగిలిన రెండూ లినెన్ గదిలోనే, సగం తలుపు పక్కన వెదురు బుట్టలో.

ఆ బుట్ట ఎవరు పెట్టారో లినెన్ మేడమ్‌కి చెప్పక్కర్లేదు. అయినా తాను గది అప్పగించిన అమ్మాయిని అడిగింది.

"ఇవేంటమ్మా ఇందులో?"

"చిరిగినవి మేడమ్. మీరే చెప్పారుగా, చిరిగితే బుట్టలో పడెయ్, ఎవరికి కావాలంటే వాళ్ళు గుడ్డకి తీసుకెళతారని."

"రిజిస్టరులో రాశావా?"

"రాయొద్దన్నారుగా. చిరిగినదానికి రాత ఏమిటి అన్నారు. నెలాఖరుకి తగ్గినవన్నీ లాండ్రీ గడిలో వేసేయమన్నారు. ముత్యాల్లా వేస్తున్నాను మేడమ్, చూడండి."

నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి. గురువుని మించిన శిష్యురాలు. లినెన్ మేడమ్ ఆ గదిలో ఉన్న ఒకే ఒక స్టూలు మీద కూర్చుంది. పద్దెనిమిదేళ్ళు, ఏడాదికి పన్నెండు నెలలు, నెలకి ముప్పయ్యో నలభయ్యో. ఈ ఒక్క గుణకారం మాత్రం ఆవిడ చేయలేదు.

డెమో డే ముందురోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర సభ జరిగింది.

"వదినా, ఎక్కడ దొరికాయో చెప్పక్కర్లేదు," అంది ఆడపడుచు. "పంతొమ్మిది పోయాయి, పంతొమ్మిదీ దొరికాయి అని చెబుదాం. అబద్ధం కాదుగా. డబ్బిచ్చిన కస్టమరు ఉన్నారు, బల్ల మనదే. మేనేజరు ముందు వరుసలో కూర్చుంటాడు. ఆయన పరువు తీస్తే తాళంచెవులు పోతాయి."

"బల్ల ఉంటే తాళంచెవులెందుకు?"

"బల్ల ఏడాదే. ఏడాది తర్వాత కంపెనీ ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఈ ఊళ్ళో మిగతా హోటళ్ళవాళ్ళంతా ఆయన స్నేహితులు. ఆయన ఒక్క మాటంటే నీకు ఇంకెక్కడా గది తలుపు తెరవరు."

ఇది మాత్రం నిజం. లినెన్ మేడమ్ భర్త వైపు చూసింది. ఆయన గడియారం చూసుకుని, "రేపు నువ్వు మాట్లాడేది మూడు నిమిషాలు. అందులో ఏం పట్టాలో నువ్వే చూసుకో. నేను ఆలస్యం ఒక్కటే చూస్తాను," అన్నాడు. కుటుంబంలో ఇంతకన్నా పెద్ద మద్దతు ఆయన ఎవరికీ ప్రకటించిన దాఖలా లేదు.

డెమో డే నాడు హాలు కిక్కిరిసింది. పిచ్ ఈవెనింగుల్లో కనబడని మొహాలు చాలా వచ్చాయి. న్యాయనిర్ణేతలు, కస్టమర్లు, పెట్టుబడిదారులు, కేవలం ఎయిర్ కండిషనింగ్ కోసం వచ్చినవాళ్ళు. పదకొండుమంది సలహాదారులూ ఒకే వరుసలో కూర్చున్నారు, గ్రూప్ ఫొటోకి పిలిచినట్టు. ముందు వరుసలో మేనేజరు, కొత్త టై. ఆయనకి రెండు కుర్చీల అవతల లాండ్రీ ఆవిడ. ఈసారి తనతోపాటు ముగ్గురు పోటీ లాండ్రీవాళ్ళని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఎందుకని అడిగితే, "నిందలు మోసేవాళ్ళం అందరం ఒక కులం," అంది.

లినెన్ మేడమ్ వేదిక ఎక్కింది. మొదటి స్లైడు మామూలే. రెండో స్లైడు వచ్చింది. కోరల యంత్రం లేదు. ఒక రిజిస్టరు పేజీ ఫొటో ఉంది.

"ఈ గడి పేరు లాండ్రీలో తగ్గినవి," అంది ఆవిడ. "ఇందులో అంకెలు పద్దెనిమిదేళ్ళు రాసింది నేనే. ఇన్ని నెలలుగా ఈ వేదిక మీద నిలబడి లాండ్రీ తినేస్తోందని చెప్పిందీ నేనే. ఆరువందల దుప్పట్లకి చిప్పులు కుట్టి నెల రోజులు చూశాం. పంతొమ్మిది తగ్గాయి. లాండ్రీలో ఒకటి. హోటల్లో పద్దెనిమిది."

ఆవిడ ఏ హోటలో చెప్పలేదు. తర్వాతి స్లైడులో విశ్రాంతి గది పరదా కనబడింది. పూలపూల గోడకాగితం మీద తెల్లటి పరదా. మేనేజరు కొత్త టై కొంచెం వదులు చేసుకున్నాడు. ఆ గోడకాగితం ఆయనే ఎంచుకున్నాడు.

"ఎవరూ దొంగలు కారు. చిరిగినదాన్ని గుడ్డకి వాడతారు. రాయరు. రాయొద్దని నేర్పింది నేనే. మేం అమ్మేది చిప్పు కాదండి. దుప్పటి ఎక్కడుందో తెలిస్తే, ఒకరి తప్పు ఇంకొకరి గడిలో పడదు. అది అమ్ముతున్నాం."

గంట మోగడానికి ఇంకా ఆరు సెకన్లుంది. భర్త వెనక గోడ దగ్గర వాచీ చూసుకుంటున్నాడు.

"మా నుంచి ఏం కావాలి?" అని అడిగాడు న్యాయనిర్ణేతల్లో ఒకాయన, చివరి స్లైడు లేకపోవడం చూసి.

ఆవిడ చేతులు వాటంతటవే జోడింపుకి లేచాయి. వాటిని మైకు మీదికి దింపింది. "కొనాలండి."

గంట మోగింది.

ప్రశ్నల్లో ఆయనే మళ్ళీ అడిగాడు. "మీ పరికరం ఉంటే హోటలు తప్పులే బయటపడతాయి. హోటలువాళ్ళు ఎందుకు కొంటారు?"

"హోటలు కొనదండి, ఆ మాట తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది. లాండ్రీ కొంటుంది. నింద పడేది వాళ్ళ మీద."

కోఆర్డినేటరు టాబ్లెట్ మీద ఏదో గీత పెట్టింది. కార్యక్రమం అయ్యాక వచ్చి, బల్ల ఇంకో ఏడాది మీదేనని, సలహాదారుల ఒప్పందాలు ఇకమీదట తన అనుమతి లేకుండా అచ్చు వేయొద్దని చెప్పింది.

మేనేజరు టీకి ఆగలేదు. కార్లోంచి కాబోలు, మెసేజీ పెట్టాడు. చాలా మర్యాదగా ఉంది. లినెన్ గది బాధ్యత ఇవాళ్టి నుంచి ఆ అమ్మాయికి శాశ్వతంగా ఇస్తున్నామని, మేడమ్ సేవలకి యాజమాన్యం కృతజ్ఞతలని. ఆడపడుచు భుజం మీదుగా చదివి, నిన్ననే చెప్పానుగా అన్న మాట మింగేసింది. అనకుండా ఉండటం ఆ అమ్మాయికి ఎంత కష్టమో తెలుసు కాబట్టి లినెన్ మేడమ్ చెయ్యి నొక్కింది.

పోటీ లాండ్రీల ముగ్గురిలో ఒకాయన ఆలోచించి చెబుతానని వెళ్ళిపోయాడు. ఒకాయన తన భార్యని అడగాలన్నాడు. మూడో ఆయన, లావుపాటి మనిషి, బిస్కెట్టు నములుతూ దగ్గరికొచ్చాడు.

"మాదీ పెద్ద లాండ్రీయేనమ్మా. ఒక పని చెయ్యండి. మొదటి రెండు నెలలూ ఉచితంగా పెట్టండి. బదులుగా మీకు కావలసిన సలహాలు..."

"ఉచితం లేదండి."

"అంటే, కొత్త కంపెనీ కదా..."

"కొత్తదే. ఆవిడ ఎంతిచ్చిందో మీరూ అంతే."

ఆయన లాండ్రీ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. ఆయన బిస్కెట్టు మింగి, "మా దగ్గర ఏడు హోటళ్ళున్నాయి. అందులో ఒకడు మరీ చంపుతున్నాడు. ముందు వాడి సంగతి చూడాలి," అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అని లినెన్ మేడమ్ ఫోను తీసి మేనేజరుకి జవాబు రాసింది. కృతజ్ఞతలు అని మొదలుపెట్టి, చిరిగిన దుప్పట్లకి రిజిస్టరులో వేరే గడి గీయించమని, అది ఎడమవైపు రెండోది అయితే రాయడానికి వీలుగా ఉంటుందని, ఆ అమ్మాయి చెప్తే వింటుందని, మంచి పిల్ల అని రాసి పంపింది. పంపాక ఫోను సంచిలో వేసి జిప్పు లాగింది.

"ఏమన్నారు, ఏడు హోటళ్ళా?"

"ఏడు."

"రేపు ఎనిమిదింటికి వస్తాం. మీరు చెప్పిన ఆ హోటలు మురికి మూటలు విప్పకుండా ఉంచండి, చిప్పులు కుట్టేముందు నేనే విప్పి లెక్కపెడతాను. డ్రైవరుని కూడా ఉండమనండి, ఆయన పెట్టిన చీటీలన్నీ తెమ్మనండి."